శ్వపచుడి శకారం ఎక్కడ పోయింది?

ఎం.ఫిల్‌ చేసే రోజుల్లో మనుస్మృతి పదో అధ్యాయం మీద తెలుగులో ఒక సెమినార్‌ పేపర్‌ రాశాను. ఊరి బయట బతకాలని మనువు శాసించిన వాళ్ళ జాబితా ఇస్తూ 'చండాలురు, స్వపాకులు' అని రాశాను. స్వపాకులంటే 'తమ వంట తామే వండుకునేవాళ్ళు' అని అర్థం కూడా చెప్పాను. అక్కడితో ఊరుకోలేదు. ఎవరి చేతి కూడు ఎవరు తినాలో కులమే నిర్ణయించే సమాజంలో, ఎవరూ కలిసి తినని మనుషులకి అట్లాంటి పేరు రావటం సహజమేనని రెండు పేజీల సిద్ధాంతం అల్లాను. చదవటం అయిపోయాక ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషి నవ్వి, ''శకారం పలకని వాళ్ళకి సంస్కృతం ఎందుకు బాబూ?'' అన్నాడు. హాల్లో ఇంకా కొందరు నవ్వారు.

ఆ నవ్వు సంగతి తర్వాత చెప్పుకుందాం. ముందు ఒప్పుకోవాల్సింది, నా తప్పు నిజంగా తప్పే. మూలంలో ఉన్న మాట స్వపాక కాదు, శ్వపచ. 'స్వ' అంటే తన. 'శ్వ' అంటే కుక్క. శ్వపచుడంటే కుక్కని వండుకు తినేవాడు. అది వృత్తి పేరు కాదు, జీవన విధానం పేరు కాదు, తిట్టు. ఒక జనాన్ని ఊరి బయటికి నెట్టే ముందు వాళ్ళ నోట్లో కుక్క మాంసం పెట్టి, ఆ మాటనే వాళ్ళకి పేరుగా ఖాయం చేసిన తిట్టు. నేనేం చేశానంటే, ఆ తిట్టుని నా చేతులతో నేనే కడిగి శుభ్రం చేసి, దానికొక గౌరవప్రదమైన అర్థం కుట్టి పెట్టాను. మనువు తరఫున వకాల్తా పుచ్చుకున్న వాడు కూడా ఇంత పని చెయ్యడు.

ఈ వ్యాసం ఆ ఒక్క శకారం గురించే. అది నా నాలుక మీద పోలేదు. ఇంగ్లీషు ముద్రణలో పోయింది. సంస్కృత మాటల్ని రోమన్‌ లిపిలో ఎట్లా రాయాలన్న ప్రశ్నని మనం ఇప్పటిదాకా ముస్తాబు వ్యవహారంగా చూశాం. అక్షరాల మీద గీతలూ కింద చుక్కలూ పెట్టేది పండితులు, వదిలేసేది మనం అన్నట్టుగా నడిచిపోయింది. మనం రాసేది చదివి, దాన్నే ఆధారంగా ఎత్తి చూపే విద్యార్థులూ కార్యకర్తలూ ఉన్నారు కాబట్టి దీన్ని ఇట్లా వదిలెయ్యటం కుదరదు.

నేను చదివింది సంస్కృత మూలం కాదు, బ్యూలర్‌ ఇంగ్లీషు అనువాదం. 1886లో ఆక్స్‌ఫర్డ్‌ నుంచి, మాక్స్‌ముల్లర్‌ సంపాదకత్వంలో నడిచిన 'ప్రాచ్య పవిత్ర గ్రంథాల' వరసలో ఇరవై అయిదో సంపుటంగా వచ్చింది. పాతబడింది కాబట్టి ఉచితంగా దొరుకుతుంది. మనలో చాలామంది మనువుని చదివింది దాని కంప్యూటర్‌ ప్రతుల్లోనే. ఆ ప్రతిలో పదో అధ్యాయం యాభై ఒకటో శ్లోకం దగ్గర ఉన్న మాటలు రెండు: Kandalas, Svapakas. మొదటి మాట చండాలురని సందర్భాన్ని బట్టి ఊహించాను. రెండోదాన్ని కనపడినట్టే తెలుగు చేశాను. Sva అంటే స్వ కాక ఇంకేమవుతుంది?

అసలు పుస్తకం అచ్చు ప్రతి చూస్తే గానీ సంగతి తెలియలేదు. ఆ వరస పుస్తకాలకి ఒక ప్రత్యేకమైన వర్ణమాల ఉంది. కొత్త గుర్తులు ఎక్కువ పోత పోయించకుండా, ఉన్న రోమన్‌ అక్షరాన్నే వాల్చి వాడుకున్నారు. నిలువుగా ఉన్న k క అయితే, వాలుగా ఉన్న k చ. నిలువు g గ అయితే, వాలు g జ. నిలువు s స అయితే, వాలు s శ. ట, డ, ణలకి కూడా t, d, nలని వాల్చటమే. దీర్ఘాలకి మాత్రం అచ్చు మీద టోపీ పెట్టారు. ఆ పద్ధతిలో Kandâla అన్న మాటలో K, n, d మూడూ వాలుగా ఉంటాయి. పద్ధతి తెలిసినవాడు దాన్ని చండాల అనే చదువుతాడు. అట్లాగే Svapaka అన్నప్పుడు S వాలింది, k వాలింది, కాబట్టి అది శ్వపచ. అచ్చులో ఎక్కడా తప్పు లేదు.

ఈ పుస్తకాన్ని సాదా అక్షరాల ప్రతిగా మార్చినప్పుడు వాలు పోయింది, టోపీ పోయింది. చ అన్నది క అయి కూర్చుంది, శ అన్నది స అయింది. ఇంకో ముడి కూడా పడింది. అదే అధ్యాయం పంతొమ్మిదో శ్లోకంలో, క్షత్తకి ఉగ్ర స్త్రీ వల్ల పుట్టినవాణ్ణి మనువు 'శ్వపాక' అంటాడు. యాభై ఒకటో శ్లోకంలో 'శ్వపచ' అంటాడు. రెండింటికీ అర్థం ఒకటే అయినా మాటలు రెండు. సాదా ప్రతిలో రెండూ Svapaka అయిపోయాయి. మనువు ఎక్కడ ఏ మాట వాడాడని ఈ ప్రతి ముందు పెట్టుకుని వాదించే వాడికి ఆ తేడా ఉందన్న సంగతే తెలియదు.

ఇప్పుడు ఒక విద్యార్థిని ఊహించుకోండి. మనువు చండాలుల గురించి ఎన్ని చోట్ల మాట్లాడాడో లెక్క తియ్యాలనుకుంది. ఆ ప్రతిలో Chandala అని వెతికితే ఒక్కటి కూడా రాదు. పండితుల పద్ధతి గుర్తొచ్చి Candala అని వెతికినా రాదు. కందాల అన్నట్టు K తో వెతకాలని ఆమెకి ఎవరు చెప్పాలి? ఆ వరసలోనే వచ్చిన బౌద్ధ గ్రంథాలకీ ఇదే గతి. అజాతసత్తు Agatasattu అవుతాడు, రాజగహ Ragagaha అవుతుంది. బుద్ధుడు తిరిగిన ఊరు మన ముందే ఉండి మనకి దొరకదు.

దీన్నుంచి నేను నేర్చుకున్నది ఇది. గుర్తులు పెట్టటమా మానటమా అన్నది అసలు ప్రశ్న కాదు. గుర్తులతో రాసిన మాట మీద గుర్తులు రాలిపోతే ఏం మిగులుతుందన్నది అసలు ప్రశ్న. ఈ తేడా కళ్ళకి కట్టటానికి మూడు మాటల్ని నాలుగు రకాలుగా రాసి చూపిస్తాను.

```
śvapaca    caṇḍāla   śūdra
zvapaca    caNDAla   zUdra
shvapacha  chandala  shudra
svapaca    candala   sudra
```

మొదటి వరస పండిత పత్రికలన్నీ అడిగే పద్ధతి. 1894లో జెనీవాలో జరిగిన ప్రాచ్య విద్యా పండితుల మహాసభ సిఫారసుల మీద నిలబడింది. దీన్ని ఐ.ఏ.ఎస్‌.టి. అంటారు. ఇందులో నాగరి లిపిలోని ఒక్కో అక్షరానికి ఒక్కో రూపం ఉంటుంది. చూసి మళ్ళీ మూలంలోకి తిప్పి రాసుకోవచ్చు.

రెండో వరస హార్వర్డ్‌-క్యోటో పద్ధతి. ఏ గుర్తులూ లేవు, కీబోర్డు మీద ఉన్న సాదా అక్షరాలే. అయినా ఇందులో ఏదీ పోలేదు. పెద్ద A దీర్ఘం, పెద్ద N, D మూర్ధన్యాలు, z శకారం. సాదా అక్షరాలతో రాస్తే ఖచ్చితత్వం పోతుందని మనకి చెప్తూ వచ్చిన మాట నిజం కాదని ఈ వరసే రుజువు. కాకపోతే ఇది నోట్సుకీ, యంత్రంలో వెతకటానికీ పనికొస్తుంది గానీ వ్యాసంలో చదవటానికి పనికిరాదు. మాట మధ్యలో పెద్ద అక్షరాలు కంటికి అడ్డం పడతాయి.

మూడో వరస మన ఇంగ్లీషు పేపర్లు, కరపత్రాలు, పార్టీ డాక్యుమెంట్లు రాసే తీరు. చకి ch, శషలకి sh. దీర్ఘాలు పోయాయి, డ ద తేడా పోయింది. కానీ శ్వ ఇంకా శ్వగానే ఉంది. చ ఇంకా చగానే ఉంది. చదువుకున్న ఏ మనిషైనా దీన్ని దాదాపు సరిగ్గా పలుకుతాడు.

నాలుగో వరస ఎవరూ ఎంచుకున్న పద్ధతి కాదు. మొదటి వరస మీద గుర్తులు రాలిపోగా మిగిలిన ఎముకలు. పాత ఫాంట్‌ మారినప్పుడో, ప్రెస్‌ వాళ్ళకి గుర్తులు కష్టమైనప్పుడో, సంపాదకుడు 'పాఠకులకి భారం' అని తీసేసినప్పుడో ఇది పుడుతుంది. చూడటానికి పండితుల రాతలా గంభీరంగా ఉంటుంది. అసలు ప్రమాదం ఇక్కడే. candala అన్న మాటని ఇంగ్లీషు చదివినవాడు కండాల అంటాడు. svapaca దగ్గర నాలాగే పడతాడు. ఇంకో ఉదాహరణ చెప్తాను. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం 408, 409 శ్లోకాలు పడవలో సరుకు పాడైతే ఎవరు కట్టుకోవాలో చెప్తాయి. అక్కడ పడవ నడిపేవాళ్ళ పేరు దాశులు, dāśa. గుర్తులు రాలితే dasa. బానిసకి వాడే దాస కూడా dasa. పడవ నడుపుకునే, చేపలు పట్టుకునే ఒక జనం ఒక్క గీత రాలిపోగానే బానిసలై కూర్చుంటారు. మూడో వరస పద్ధతిలో వీళ్ళు dasha, వాళ్ళు dasa. దీర్ఘం పోయినా మనుషులు కలిసిపోలేదు.

ఇక ఆ నవ్వు సంగతి. మన మిత్రులు కొందరు, ఈ చుక్కలూ గీతలూ ఇంగ్లీషు అక్షరాలకి వేసిన జంధ్యాలని కొట్టి పారేస్తారు. ఆ కోపానికి కారణం ఉంది. బళ్ళో సంస్కృతం మొహం చూడని వాడి పేపర్‌లో ముందుగా వెతికేది వాదాన్ని కాదు, ఎక్కడ చుక్క పోయిందా అని. వాదానికి జవాబు చెప్పలేనప్పుడు చుక్క పట్టుకుంటారు. ఇది నేను కళ్ళారా చూసిందే.

కానీ అంబేద్కర్‌ ఏం చేశాడో చూడండి. హైస్కూల్లో సంస్కృతం చదవనివ్వకపోతే పర్షియన్‌ తీసుకోవాల్సి వచ్చిన మనిషి ఆయన. 1946లో 'శూద్రులెవరు?' అచ్చు వేసినప్పుడు ముందుమాటలోనే ఆ ప్రశ్నని ఎదుర్కొన్నాడు. సంస్కృతంలో తనకి పాండిత్యం లేదని ఒప్పుకున్నాడు. ఆ సాహిత్యంలో చాలా భాగం ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఈ విషయం మీద మాట్లాడటానికి ఆ లోటు అడ్డం కాదన్నాడు. పుస్తకం పేరులో Shudras అని రాశాడు. 'శూద్ర' మాటకి పాతవాళ్ళు చెప్పిన వ్యుత్పత్తుల్ని ఎత్తుకుని వాటి డొల్లతనాన్ని అందులోనే బయట పెట్టాడు. చుక్కలు లేనంత మాత్రాన ఆ వాదంలో ఒక్క రాయి కదల్లేదు.

అయితే అంబేద్కర్‌ మాటలోనే మన బాధ్యత కూడా ఉంది. మనం అనువాదాల మీద ఆధారపడేవాళ్ళం. అందుకే అనువాదంలో ఉన్న మాటనుంచి మూలంలో ఉన్న మాటకి దారి మూసుకుపోకూడదు. సంస్కృతం వచ్చినవాడికి గుర్తులు లేకపోయినా ఫరవా లేదు, svapaca అని చూసినా శ్వపచ అని తెలిసిపోతుంది. గుర్తు అవసరం రానివాడికే. పండితుడికి అది అలంకారం, మనకి సాక్ష్యం. తిట్టు ఏ అక్షరంలో ఉందో చూపించే సాక్ష్యాన్ని జంధ్యం అనుకుని తెంపేసుకుంటే లాభపడేది మనువే.

ఒక చిన్న ఇబ్బంది చెప్పాలి. లైబ్రరీ యంత్రాలు చాలావరకు గుర్తుల్ని పట్టించుకోవు, Śūdra అన్నా Sudra అన్నా ఒకటే అనుకుంటాయి. కానీ Shudra వేరే మాట అనుకుంటాయి. అందుకని అంబేద్కర్‌ 1946 పుస్తకమూ, అదే విషయం మీద 1958లో ఆర్‌.ఎస్‌. శర్మ h లేకుండా రాసిన శూద్రుల చరిత్రా ఒకే మాటతో వెతికితే పక్కపక్కన రావు. ఒకటి దొరికినవాడు రెండోది లేదనుకుంటాడు. వెతికేటప్పుడు రెండు రకాలుగానూ వెతకాలి, మన వ్యాసాల్లో రెండు రూపాలూ కనీసం ఒక్కసారైనా ఉండాలి.

ఇప్పుడు తెలుగు మాటల సంగతి. సంస్కృతానికి పెట్టిన పద్ధతిని మన మాటలకి తొడిగితే చొక్కా ఒకడిది, వొళ్ళు ఇంకొకడిది అవుతుంది. సంస్కృతంలో హ్రస్వ ఎ, ఒ లేవు. అందుకని ఐ.ఏ.ఎస్‌.టి.లో e, o ఎప్పుడూ దీర్ఘాలే, వాటి మీద గీత ఉండదు. ఆ పద్ధతిలో తెలుగు రాస్తే 'తెగ', 'తేగ' రెండూ tega. పెదకాపు ఇంటి 'పెద', కూలివాడి 'పేద' రెండూ peda. ఊళ్ళో వీళ్ళిద్దరి మధ్య ఎంత దూరం ఉందో మనకి తెలుసు, ఈ రాతలో మాత్రం ఒకే పీట మీద కూర్చుంటారు. 2001లో వచ్చిన ఐ.ఎస్‌.ఓ. 15919 ప్రమాణం దీన్ని సరి చేసింది. అందులో హ్రస్వం e, దీర్ఘం ē. తెగ tega, తేగ tēga. పెద peda, పేద pēda. అమెరికాలో చదువుకునే తెలుగు కుర్రాళ్ళు రైస్‌ యూనివర్సిటీలో తయారు చేసుకున్న ఆర్‌.టి.ఎస్‌. పద్ధతి కూడా చిన్న e, పెద్ద E పెట్టి ఈ తేడాని నిలబెట్టింది. తెలుగు వాళ్ళ అవసరం లోంచి పుట్టింది కాబట్టి తెలుగు వాళ్ళకి సరిపోయింది.

కులాల పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ప్రభుత్వ జాబితాల్లో మాల అన్న పేరు Mala అని ఉంటుంది. సంస్కృతం దృష్టిలో mala అంటే మలం, మురికి. సంస్కృత పద్ధతిలో రాసిన మాటల మధ్య గుర్తు లేకుండా ఈ పేరు పెడితే ఎట్లా చదువుతారో వేరే చెప్పనక్కర్లేదు. చివర కూడా దీర్ఘం పెట్టి mālā అంటే పూలమాల అవుతుంది, అదీ మనం కాదు. పెద్ద M తో Mala అని జాబితాలో ఉన్నట్టు రాయాలి, లేదా māla అని రాయాలి. ఈ రెండూ తప్ప మూడోది లేదు. మనుషుల పేర్లు వాళ్ళు సంతకం చేసినట్టే ఉండాలి. గుర్రం జాషువాకి ష కింద చుక్కా అచ్చుల మీద గీతలూ పెట్టి Jāṣuvā అని రాస్తే ఆయన పేరు ఏ క్రైస్తవ ఇంట్లోంచి వచ్చిందో చెరిగిపోతుంది.

ఇక మన పత్రికలో ఏం చెయ్యాలో నా ప్రతిపాదన. తెలుగులో రాసేటప్పుడు రోమన్‌ గొడవే వద్దు. శ, ష, స, చ, ఛ, ణ, న, దీర్ఘాలూ అన్నీ మన లిపిలోనే ఉన్నాయి. కానీ ఇంగ్లీషు పుస్తకంలోంచి మాట ఎత్తుకుంటే, దాన్ని కనపడినట్టు తెలుగు చెయ్యకుండా, మూల శ్లోకం తెలుగు లిపి అచ్చులో చూసుకుని రాయాలి. మనుస్మృతి తెలుగు లిపిలో అచ్చయి ఉంది, సంస్కృతం రాకపోయినా శ్లోకం నెంబరు పట్టుకుని ఆ మాట చూడటానికి అయిదు నిమిషాలు పట్టదు. ఆ అయిదు నిమిషాలు నేను పెట్టి ఉంటే ఆ రోజు నవ్వులు ఉండేవి కావు.

ఇంగ్లీషులో రాసేటప్పుడు వాక్యంలో Shudra, Chandala, Shvapacha అని మూడో వరస పద్ధతి నడిపించాలి. ఆ మాట మొదటిసారి వచ్చిన చోట మాత్రం పక్కనే గుర్తులతో ఉన్న రూపం ఒక్కసారి ఇవ్వాలి. చర్చ మాట మీదే నడుస్తుంటే, వ్యుత్పత్తి గురించో, caṇḍāla, cāṇḍāla అన్న రెండు రూపాల్లో ఏ గ్రంథం ఏది వాడిందన్న దాని గురించో అయితే, అక్కడ గుర్తులు తప్పవు, ఎందుకంటే మూడో వరసలో ఆ రెండూ ఒకటే. తెలుగు మాటలకి ఐ.ఎస్‌.ఓ. పద్ధతి. ఉటంకింపుల జోలికి పోకూడదు. అంబేద్కర్‌ Shudra అంటే Shudra అనే ఉండాలి, బ్యూలర్‌ నుంచి ఎత్తుకుంటే వాలు అక్షరాలతో సహా ఎత్తుకోవాలి. నాలుగో వరస ఎక్కడా ఉండకూడదు.

ప్రూఫు వచ్చాక దీన్ని పట్టుకోవటం కష్టం కాదు. మూడు మాటలు వెతికితే చాలు: sudra, candala, sva. మొదటి రెండూ గుర్తుల్లేకుండా కనపడితే ఎక్కడో గుర్తులు రాలాయని లెక్క. sva కనపడిన ప్రతి చోటా ఆగి, ఇది 'తన' అన్న స్వ అవునా, కుక్క అన్న శ్వ అవునా అని మూలం చూసుకోవాలి.

ఆ సెమినార్‌ పేపర్‌ని తర్వాత మళ్ళీ రాశాను. తమ వంట తామే వండుకునేవాళ్ళ మీద అల్లిన రెండు పేజీలూ తీసేశాను. ఆ చోట ఇప్పుడు ఉన్నది మనువు ఊరి బయటికి నెట్టిన వాళ్ళకి పెట్టిన పేరు, దాని అర్థం, శ్లోకం నెంబరు. శకారంతో.